చౌడమ్మ ఇచ్చిన వెండి బిళ్ల

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధికి చౌడమ్మ వెంట, పక్కింట్లో ఉండే నేను వెళ్లాల్సి వచ్చింది. వందల మంది పసిబిడ్డలను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసిన మనిషికి, అంగట్లో గొంతు పెగలదు మరి.

పన్నెండేళ్ల కిందట ఆడబిడ్డ రామలచ్చమ్మ మనవరాలు పావని నామకరణానికి చౌడమ్మ పది గ్రాముల వెండి బిళ్ల ఇచ్చింది. కొన్నాళ్లకే దానిమీద నల్లచారలు పడ్డాయి. రామలచ్చమ్మ నలుగురిలో దాన్ని ఆమె ఒళ్లోకి విసిరి, "గిల్టు బిళ్ల తెస్తివా మాకు?" అంది. అప్పటినుంచి వాళ్లింటి శుభకార్యాల్లో చౌడమ్మ ఒక మూల కూర్చునేది. నాకు ఒళ్లు మండేది. ఆమె మాత్రం నోరెత్తేది కాదు.

ఇప్పుడు పావని పెద్దమనిషైంది. ఈసారి ఎవరూ వేలెత్తి చూపని బిళ్ల ఇవ్వాలని చౌడమ్మ పట్టుదల.

షరాబు వెంకటసుబ్బయ్య భూతద్దం ఇచ్చి కొత్త బిళ్ల చూపించాడు. "చూడక్కా, 999 అనుంది, అంటే మేలిమి వెండి. పక్కన కంపెనీ గుర్తు, బరువు. వెండి రేటు మీద మజూరీ, పన్ను పడతాయి. మళ్లీ అమ్మితే మజూరీ రాదు, ముందే చెప్తాండా."

చౌడమ్మ కొంగు ముడి విప్పి పాత బిళ్ల బయటికి తీసింది. "ఇట్లాంటిది మాత్రం ఇయ్యొద్దు నాయనా."

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "దీని మీదా 999 ఉంది గదా! గుర్తు ఎవడైనా కొట్టొచ్చులే, మిషన్లో పెడ్తాం."

మిషను కాగితం మీద నూటికి 99.9 పాళ్లు వెండి అని వచ్చింది. చౌడమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దీన్ని దేంతో కట్టింటివి?" అన్నాడాయన.

"పొట్లం జారకుండా రబ్బరు బ్యాండు ఏసింటి."

"అదే కొంప ముంచింది! రబ్బరు తగిల్తే మేలిమి వెండి గూడా నల్లబడ్తాది. కొత్తదెందుకు, ఊరికే మజూరీ దండగ."

మెత్తటి గుడ్డతో మెల్లగా తుడిచి, బిళ్లను గాజులా లోపలిది కనిపించే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో బిగించాడు. "చేత్తో ముట్టుకోకుండా డబ్బాతోనే ఇయ్యక్కా. పసుపు కుంకుమ పైన పెట్టుకోండి."

ఫంక్షన్లో చౌడమ్మ డబ్బాకు బొట్టు పెట్టి, కాగితంతో సహా పావని చేతికిచ్చింది. రామలచ్చమ్మ మూతి తిప్పింది. "మళ్లీ తెస్తివా?"

"మళ్లీ కాదు వదినా. అదే బిళ్ల."

పావని కాగితం పైకే చదివింది. రామలచ్చమ్మ దాన్ని లాక్కుని, అక్షరాలు రాకపోయినా చాలాసేపు చూసింది. తర్వాత పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది. "రా మే చౌడీ, ఈడ కూర్చో. తప్పైపాయ."

చౌడమ్మ కూర్చోలేదు. అక్కడే నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"నువ్వు అన్నందుకు కాదు వదినా. నేనూ నమ్మితి గదా, గిల్టే ఇచ్చినానని."