ఆరి వెలిగే ప్రశ్నార్థకం

ఆ అమ్మాయి ఫోన్ చేసింది సోమవారం. రెండేళ్ల క్రితం మాఘమాసంలో నేను తన పెళ్లి వీడియో చేశాను. సత్తెనపల్లి అవతల మిరప పండించే ఊరు వాళ్లది. గుంటూరులో నాది ఒకే గది స్టూడియో. కెమెరాలకు రోజుకూలీ మీద మనుషుల్ని పంపిస్తాను, ఎడిటింగ్ మాత్రం నేనే చేస్తాను. అమ్మాయి వాళ్ల నాన్న పోయి ఏడాది కావస్తోందని, శనివారం సంవత్సరీకమని చెప్పింది. పెళ్లిరోజు ఆయన కెమెరా ముందు ఏవో మాటలు మాట్లాడాడు, ఆ ముక్క అసలు గొంతుతో కావాలంది.

ఆ ముక్క నాకు బాగానే గుర్తుంది. పెళ్లికి ముందురోజు మా కెమెరామన్ ఆయన్ని ఇంటి వెనక మిరప కల్లంలోకి తీసుకెళ్లి, ఎర్రగా పరుచుకున్న కాయల మధ్య నిలబెట్టి, అమ్మాయి గురించి రెండు మాటలు చెప్పమన్నాడు. ఎరుపు బాగా పడుతుందని అలా చేస్తాం. దాన్ని నేను స్లో మోషన్ చేసి, కింద సినిమా పాట ఒకటి వేశాను. మా వైపు పెళ్లి వీడియోల్లో మనుషుల గొంతులు ఉండవు. మేళం కాసేపు, మంత్రాలు కాసేపు, మిగతాదంతా పాటలే. అందుకే ఆ ఇంట్లో ఉన్న వీడియోలో ఆయన పెదాలు కదులుతాయి, గొంతు మాత్రం ఎవరో గాయకుడిది.

"మా దగ్గర ఫోన్లలో కూడా ఆయన గొంతు లేదన్నా. ఫోన్ చూస్తే సిగ్గుపడి పక్కకెళ్లిపోయేవాడు," అంది.

శుక్రవారం వచ్చి తీసుకెళ్లమన్నాను. అసలు ఫైళ్లు నా దగ్గరే ఉంటాయని నా ధైర్యం. ఆల్బమ్‌లో వేయాల్సిన ఫొటోలు ఏరి ఇవ్వండని వాళ్లను అడిగీ అడిగీ విసిగిపోయాను. ఆల్బమ్ పూర్తయితే తప్ప ఆ పని ముగిసినట్టు కాదు, ముగియని పెళ్లిని నేను చెరపను. మా వైపు పెళ్లిళ్లలో సగానికి పైగా ఇంతే. పిల్లలు పుట్టి నడిచే వేళకి ఆల్బమ్ గుర్తొస్తుంది. ఆ బద్ధకాన్ని రెండేళ్లుగా తిట్టుకుంటున్నవాడిని, ఆ సోమవారం మాత్రం మెచ్చుకున్నాను.

మంగళవారం పొద్దున మ్యాక్ ఆన్ చేశాను. అది పాత ల్యాప్‌టాప్, పదేళ్లు దాటింది. బైక్ మీద ఊళ్లన్నీ తిరిగింది నాతో. మామూలుగా వచ్చే యాపిల్ గుర్తు రాలేదు. బూడిద రంగు తెర మధ్యలో చిన్న ఫోల్డర్ బొమ్మ, దాని మీద ప్రశ్నార్థకం. ఆరుతుంది, వెలుగుతుంది. అదే పనిగా.

దాని అర్థం అప్పటికే నాకు తెలుసు. మిషన్ లేచింది, కానీ తనను నడిపించే సిస్టమ్ ఏ డిస్క్‌లో ఉందో దానికి దొరకడం లేదు. డిస్క్ పోయి ఉండొచ్చు, డిస్క్‌ని బోర్డుకు కలిపే కేబుల్ పోయి ఉండొచ్చు, డిస్క్ బాగానే ఉండి లోపలి సిస్టమ్ చెడి ఉండొచ్చు, ఒక్కోసారి ఏ డిస్క్ నుంచి లేవాలో మరిచిపోయి కూడా ఉండొచ్చు. ఇన్నిటికీ అది వేసేది ఒకటే బొమ్మ. ఏది అన్నది మనమే కనుక్కోవాలి. ఇక్కడే నేను తప్పు చేశాను. తెలియక కాదు, తెలుసనుకుని చేశాను.

పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాను. ఆప్షన్ కీ పట్టుకుని మళ్లీ లేపాను, డిస్కులు కనిపిస్తాయేమోనని. ఏమీ లేవు. కమాండ్, ఆర్ నొక్కిపట్టి లేపాను. చెడితే బాగుచేసుకునే రికవరీ కూడా ఆ డిస్క్‌లోనే ఉంటుంది కాబట్టి అదీ దొరక్క, మిషన్ ఇంటర్నెట్‌కి ఎక్కింది. గుండ్రంగా తిరిగే భూగోళం బొమ్మ వచ్చింది. మా వైఫై మీద అది అరగంట తిరిగింది. చివరికి డిస్కుల్ని చూపించే డిస్క్ యుటిలిటీ తెరిస్తే, ఆశ్చర్యం, డిస్క్ ఉంది. పాస్‌వర్డ్ కొట్టి ఫస్ట్ ఎయిడ్ నడిపాను. తప్పులున్నాయి, సరిచేయలేనంది. మళ్లీ నడిపితే మధ్యలో డిస్క్ మాయమైంది. ఆపి లేపితే మళ్లీ వచ్చింది.

కాసేపు కనబడి కాసేపు మాయమయ్యేది కేబుల్ అయి ఉంటుందని బుర్ర ఉన్నవాడికెవడికైనా తట్టాలి. నాకు తట్టలేదు. విజయవాడలో నా తోటి ఎడిటర్‌కి ఫోన్ చేస్తే, డేటా వేరేచోట ఉంటే డిస్క్ చెరిపేసి సిస్టమ్ మళ్లీ ఎక్కించెయ్ అన్నాడు. అతనిది తప్పు కాదు. డేటా వేరేచోట ఉంటే, అన్నాడు. ఉందన్నాను నేను. పెళ్లిళ్లన్నీ బయట హార్డ్‌డిస్క్‌లోనే పెడతాను, దాని మీద స్కెచ్ పెన్‌తో ఊళ్ల పేర్లు రాసి ఉంటాయి. ఆ డిస్క్ చేత్తో పట్టుకుని, ఆ ఊరి పేరు కళ్లారా చదివాను. తెరిచి చూడలేదు. ఇంకో కంప్యూటర్‌కి పెట్టి ఐదు నిమిషాలు చూసుంటే సరిపోయేది. పెళ్లి ముహూర్తాలు నెత్తి మీదున్నాయి, పని ఆగిపోయిందన్న చిరాకు, నాకు రానిదేముందన్న పొగరు. ఎరేజ్ అని కొట్టాను. నిజంగా చెరిపేయాలా అని అడిగింది. చెరిపేయమన్నాను.

సిస్టమ్ ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగింది. ఆపి లేపితే మళ్లీ అదే ఫోల్డర్, అదే ప్రశ్నార్థకం.

బుధవారం మంగళగిరి వెళ్లాను. అక్కడ మ్యాక్‌లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఎక్కువ మాట్లాడరు. అడుగు ప్లేటు మరలు విప్పి, డిస్క్ బయటికి తీసి, యూఎస్‌బీ కేసులో పెట్టి తన మిషన్‌కి తగిలించారు. పరీక్షించి, డిస్క్ నిక్షేపంగా ఉందన్నారు. ఆ తర్వాత లోపల కాగితంలా పల్చగా ఉన్న కేబుల్‌ని వేలితో చూపించారు. ఏళ్ల తరబడి అల్యూమినియానికి రాసుకుని వంపు దగ్గర అరిగింది. ఇలాంటి పాత మిషన్లలో ప్రశ్నార్థకం వస్తే ముందు దీన్నే అనుమానిస్తానని అన్నారు. కొత్త కేబుల్ వేయడానికి ఇరవై నిమిషాలు పట్టలేదు. సిస్టమ్ ఎక్కించి చేతికిచ్చారు.

అక్కడే, ఆయన బల్ల మీదే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసుకుని, బయటి హార్డ్‌డిస్క్ తగిలించి ఆ పెళ్లి తెరిచాను. క్లిప్పులన్నీ వరసగా వచ్చాయి, అన్నీ ఎర్రగా. ప్రతిదాని మీదా ఒకటే మాట, ఫైలు లేదని.

ఒక నిమిషం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఎడిటింగ్‌కి ఫైళ్లు తెచ్చుకునేటప్పుడు వాటిని ప్రాజెక్టులోకి కాపీ చేయాలా, ఉన్నచోటే ఉంచాలా అని అడుగుతుంది. ఆ మాఘంలో వరస పెళ్లిళ్లు. కాపీకి టైం పడుతుందని ఉన్నచోటే ఉంచమన్నాను. ఆ ఉన్నచోటు మ్యాక్ లోపలి డిస్క్. హార్డ్‌డిస్క్‌లో ఉన్నది పెళ్లి కాదు, పెళ్లి ఎక్కడుందో రాసుకున్న చీటీ మాత్రమే. కెమెరా కార్డులు ఎప్పుడో ఫార్మాట్ అయ్యి, ఇంకో ఇరవై పెళ్లిళ్లు తిరిగాయి.

తిరిగి తీయొచ్చేమోనని అడిగాను. ఆయన ఒక్కటే అడిగారు, డిస్క్‌కి తాళం వేసే ఫైల్‌వాల్ట్ ఆన్‌లో ఉందా అని. ఉంది. ఆడపిల్లల పెళ్లి వీడియోలు, మిషన్ ఎవడి చేతిలోనన్నా పడితే ప్రమాదమని నేనే ఆన్ చేశాను. అలా తాళం వేసిన డిస్క్‌ని చెరిపితే తాళంచెవి కూడా పోతుందని, ఆ తర్వాత ఎవరు తీసినా చదవలేని గజిబిజి తప్ప ఏమీ రాదని చెప్పారు.

"చెరపక ముందు తీసుకొచ్చుంటే, కేబుల్ మార్చగానే అంతా ఉన్నదున్నట్టు ఉండేదండీ," అన్నారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. కాలినవి నా చేతులు కూడా కాదు. మంగళగిరి నుంచి గుంటూరు దాకా బైక్ మీద ఏడుస్తూనే వచ్చాను.

శుక్రవారం ఆ అమ్మాయి వచ్చింది. పెళ్లి వీడియో ఉన్న పెన్‌డ్రైవే తెచ్చింది, ఆ ముక్క అందులో వేసుకోవడానికి. మిషన్ పాడైందమ్మా, ఫైళ్లు పోయాయి అన్నాను. అది అబద్ధం కాదు, కానీ నిజమూ కాదు. ఆమె చేతిలోని పెన్‌డ్రైవ్ వైపు చూసుకుంది. తర్వాత ముఖం కాస్త తేటపడింది.

"పోనీలెండి. మీరు ఎడిటింగ్ చేసేటప్పుడు విని ఉంటారుగా అన్నా. ఏం చెప్పాడు నాన్న?"

దీనికంటే ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను వినలేదు. ఎలాగూ పాట పడుతుందని ఆ క్లిప్పులన్నిటికీ మొదటే సౌండ్ తీసేస్తాను. చొక్కా గుండీలు సరిచేసుకున్న ఆయన చేతులు గుర్తున్నాయి నాకు, తల వెనక ఎండ గుర్తుంది. ఒక్క మాట గుర్తులేదు, ఎందుకంటే ఒక్క మాట విననే లేదు. కూతురి గురించి తండ్రులందరూ చెప్పేదొకటే, ఏదో ఒకటి కల్పించి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. వినలేదని చెప్పాను. మిషన్ దానంతటది పాడు కాలేదని, నేనే తొందరపడి చెరిపేశానని కూడా చెప్పాను.

ఆమె ఏడ్చింది. శబ్దం లేకుండా, చున్నీ అడ్డం పెట్టుకుని. చాలాసేపటికి కళ్లు తుడుచుకుంది.

"ఆ పాట తీసేసి ఇవ్వగలరా? స్లోగా కాకుండా మామూలుగా కదిలేట్టు? అమ్మ చూస్తుంది. ముప్పై ఏళ్లు కాపురం చేసింది, పెదాలు చూసి చెప్పగలదేమో."

పెన్‌డ్రైవ్‌లోంచి ఆ ముక్క కత్తిరించాను. సగానికి తగ్గించిన వేగాన్ని రెట్టింపు చేసి మామూలుకు తెచ్చాను. పాట తీసేశాను. మొత్తం పది సెకన్లు వచ్చింది. ఆయన ఎంతసేపు మాట్లాడాడో, నేను ఉంచింది పది సెకన్లు. అది వేసి ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ, భోజనానికి రేపు రండి అంది. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?

మూడు రోజుల తర్వాత ఫోన్ చేసింది. అమ్మ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదంది. చివర్లో ఉన్నది మాత్రం పట్టుకుందట. "నా గురించి చెప్పిన మాటేమో అనుకున్నానన్నా, కాదు," అంది.

"మాట్లాడింది చాల్లే, మీరు పొద్దుటినుంచి ఏమన్నా తిన్నారా, పదండి అన్నం తిందురు గానీ, అన్నాడంట. మీ కెమెరావాళ్లతో."