కామెంట్లలో పెట్టిన బేరం

శంషాబాద్‌లో ఇప్పటిదాకా ఏ దుకాణంవాళ్లూ చేయని పని నేను చేసిన. బేరాన్ని దుకాణంలోంచి బయటికి తీసుకపోయి, లోకమంతా చూస్తుండంగ ఆడిన. పైగా ఒక్క రోజు కాదు, మూడు రోజులు. ఇంత తెలివితక్కువ పని చేయాలంటే మామూలు మనిషి వల్ల కాదు. చిన్నప్పటి నుంచి బేరాల మధ్యన పెరిగి ఉండాలె.

మా బాపుది స్టీలు సామాన్ల దుకాణం. బాపు ధర నోటితో చెప్పేటోడు కాదు. క్యాలిక్యులేటర్ మీద కొట్టి, అరచెయ్యి అడ్డం పెట్టి, గిరాకీ వైపు తిప్పేటోడు. పక్కన నిలబడ్డ ఇంకో గిరాకీకి అది కనపడొద్దు. ఒకటే గిన్నె ఒకరికి నూట ఎనభైకి పోయేది, ఇంకొకరికి నూట అరవైకి పోయేది. ఇద్దరూ తామే గెలిచినమని నవ్వుకుంట పోయేటోళ్లు. నాకు ఓనమాలు రాకముందే ఆ అరచెయ్యి అర్థమైంది.

మా అన్న టైర్ల దుకాణం బంద్ పెట్టి, ఉన్నదంతా ఊడ్చి డిపాజిట్ కట్టి, బెంగళూరు రోడ్డు మీద కరెంటు స్కూటర్ల షోరూం తెరిచిండు. ఒక కొత్త స్కూటర్ వస్తున్నది, రోజూ డ్యూటీకి పోయేటోళ్ల కోసమే చేసిన బండి. ఎయిర్‌పోర్టులో పనిచేసేటోళ్లు మా చుట్టుపక్కల ఎంతమందో. కార్గోలో మూటలు మోసేటోళ్లు, హౌస్‌కీపింగ్ ఆడోళ్లు, సెక్యూరిటీ వాళ్లు. వాళ్లందరూ మా గిరాకీలే అని అన్న నమ్మకం.

కంపెనీ తరఫున ఏరియా మేనేజర్ వచ్చిండు. కోస్తా వైపు మనిషి, తిట్టినా మర్యాదగా తిడతడు.

"ఆదివారం లాంచ్ అండి. ఆ రోజు సాయంత్రం ఆరింటికల్లా ఇరవై బుకింగులు సిస్టంలో కనపడాలి. లేకపోతే మొదటి లోడు మైలార్‌దేవ్‌పల్లి షోరూముకు వెళ్లిపోతుంది. మీకు డిస్‌ప్లే బండి ఒక్కటే మిగులుతుంది."

ఆయన పోయినంక అన్న ఆ ఒక్క బండి మీద దుమ్ము తుడిచిండు. బండ్లు లేని షోరూంకు కిరాయి కట్టుడు అంటే ఏందో ఇద్దరికీ తెలుసు.

"చెల్లె, నువ్వు మాట్లాడితే రాయి కూడా జేబులోంచి పైసలు తీస్తది. పోస్టులు నువ్వు చూసుకో" అన్నడు.

అట్ల నేను లాంచ్ పోస్టుల మనిషినైన.

మొదటి పోస్టు కంపెనీయే పంపింది. చీకట్లో ఒక్క హెడ్‌లైట్ మాత్రం కనపడే బొమ్మ, కింద 'ఏదో వస్తోంది' అని. ఊరించుడు అన్నమాట. మా పేజీలో పెట్టంగనే మొదటి కామెంటు వచ్చింది: "అన్నా, టార్చిలైటు ఎంత?"

రెండోది కూడా కంపెనీదే. టై కట్టుకున్న పిలగాడు, పొగమంచు, ఖాళీ రోడ్డు. మా వదిన చూసి, "ఇదేం రోడ్డే? ఒక్క లారీ లేదు, ఒక్క గేదె లేదు. మనుషులు చచ్చిపోయిన్రా?" అన్నది. అది పెట్టలేదు. అన్నను, వదినను బండి మీద కూసోబెట్టి, లారీల నడుమ నేనే ఫొటో తీసిన.

ఇంక రేంజి సంగతి. ఒక్క చార్జింగుకు నూట ఇరవై కిలోమీటర్లని కంపెనీ సర్టిఫికెట్. అది పరీక్షలో వచ్చే లెక్క. ఇద్దరు కూసొని, ఫ్లైఓవర్లు ఎక్కి దిగి, ట్రాఫిక్కులో ఆగుకుంట పోతే అంత రాదు. అన్న వదినను వెనుక కూసోబెట్టుకొని కార్గో గేటుకు, అక్కడి నుంచి మైలార్‌దేవ్‌పల్లికి, మళ్లీ వెనుకకు, బ్యాటరీ అడుగంటేదాకా తిరిగిండు. ఎనభై అయిదు వచ్చింది. నేను పోస్టులో ఉన్నదున్నట్టు రాసిన: "సర్టిఫికెట్ మీద నూట ఇరవై. మా వదిన వెనుక కూసుంటే ఎనభై అయిదు."

పోస్టు ఊరంతా తిరిగింది. వదిన కూరగాయలకు పోతే, "అక్కా, ఎనభై అయిదు నువ్వేనా?" అని అడిగిండంట అంగడాయన. ఆ పూట ఆమె నాకు అన్నం పెట్టలేదు.

పోస్టు ఇంకా దూరం పోవాలని పైసలు పెట్టి బూస్ట్ చేసిన. ఎవరికి చూపియ్యాలని మ్యాపు అడిగితే, మన గిరాకీలు ఎయిర్‌పోర్టులోనే కదా అని సరిగ్గా రన్‌వే పక్కన గుర్తు పెట్టిన. ఆ మ్యాపుకు అక్కడ పనిచేసేటోళ్లు ఎవరో, విమానం దిగి పోయేటోళ్లు ఎవరో తెల్వది. ఇద్దరికీ చూపిచ్చింది. దుబాయ్ నుంచి ఒకాయన డెలివరీ చార్జి ఎంతని అడిగిండు. లక్నో నుంచి ఒకామె రంగులు అడిగింది. పాపం, ఇద్దరికీ మర్యాదగా జవాబిచ్చిన. ఎవరికి తెలుసు, దుబాయాయనకు శంషాబాద్‌లో బామ్మర్ది ఉండొచ్చు.

తర్వాత గుర్తును ఊరి మీదికి జరిపి, ధరతోని మూడో పోస్టు పెట్టిన. అక్కడ మొదలైంది అసలు కథ.

కింద మొదటి కామెంటు: "లాస్ట్ ఎంత?"

ఆ రెండు మాటలు చూస్తే నాకు చేతులు ఆగవు. "ధర ఇంతే అన్నా, మీ కోసం హెల్మెట్ ఫ్రీ" అని కొట్టిన. నిజం చెప్పాలంటే బండితోని హెల్మెట్ రూల్ ప్రకారం ఇయ్యాల్సిందే. ఇయ్యాల్సిందాన్నే మా పుట్టింటి సొమ్ములెక్క ఇచ్చిన. నా తెలివికి నేనే మురిసిపోయిన.

రెండు నిమిషాలకు ఇంకొకాయన: "హెల్మెట్ అందరిస్తరు మేడం. నాకేంది?"

"సీట్ కవర్."

"గాయనకు సీట్ కవర్ ఇచ్చిన్రు, నేను మొదట అడిగిన, నాకు హెల్మెటేనా?"

"మీకు ఫుట్ మ్యాట్ అన్నా."

"నాకు సీట్ కవరూ, మ్యాటూ రెండూ" అని ఇంకొకరు. వానల్లో డ్యూటీ అని ఒకాయన రెయిన్‌కోటు అడిగిండు. బండి పడితే గీతలు పడతయని ఒకామె చుట్టూ ఇనుప గార్డు అడిగింది. ఇంకొకరికి ఫోన్ హోల్డరు. చివరికి ఒకాయన, పూజ సామాన్లు, చక్రాల కింద నిమ్మకాయలు కూడా మీవేనా అని. "నిమ్మకాయలు కూడా మావే" అన్న.

అరచెయ్యి అడ్డం పెట్టనీకి అక్కడ అరచెయ్యే లేదు. ఒకరి బేరం అందరికీ కనపడుతున్నది. నేనేమో దుకాణంలో ఒక్కొక్కరితో గుసగుసలాడుతున్నట్టే ఆడుతున్న.

మేనేజర్ ఫోన్ చేసిండు. "అమ్మా, కంపెనీ పేజీలో ధర ఒక్కటే ఉందండి. మీ పేజీలో నలభై ధరలున్నాయి. కొంచెం చూసుకోండి."

అన్న తల పట్టుకున్నడు. "డిలీట్ కొట్టు!"

"కొడితే మాట తప్పినట్టు అయితది. అందరూ ఫొటోలు తీసి పెట్టుకున్నరు."

"మరి ఇవన్నీ ఎవరిస్తరు?"

"ఒక్కొక్కరిని పక్కకు పిలిచి మాట్లాడుత. బాపు ఉంటే గట్లనే చేస్తుండె."

"బాపుకు ఈ పేజీ లేకుండె!"

ఆదివారం పొద్దున టెంటు వేసినం, ఇడ్లీ పెట్టిచ్చినం. మధ్యాహ్నానికి బుకింగులు తొమ్మిది. తర్వాత ఆ అంకె కదల్లేదు. మనుషులు వస్తున్నరు, ఇడ్లీ తింటున్నరు, బండి చుట్టూ తిరుగుతున్నరు, సెల్ఫీ తీసుకుంటున్నరు, పోతున్నరు. అన్న మాటిమాటికి గోడ గడియారం దిక్కు చూసుడు.

నాలుగు దాటినంక ఒక షేర్ ఆటో, దాని వెనుక ఇంకొకటి ఆగినయి. ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ ఒకామె దిగింది. నడి వయసు, ఊరంతా బాజీ అని, అంటే అక్కా అని పిలిచే మనిషి. ఆమె వెనుక ఆమె షిఫ్టు ఆడోళ్లు, అందరూ యూనిఫారాల మీదనే. బాజీతో కలిపి పదకొండు మంది. తొమ్మిదికి పదకొండు కలిపితే ఎంతో నాకు తెలుసు, అన్నకూ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

బాజీ ముందుగాల బ్యాటరీ బయటికి తీయమన్నది. కంపెనీ పంపిన ఇంకో బొమ్మలో ఒక సన్నటి పిల్ల దాన్ని ఒంటిచేత్తో పట్టుకొని నవ్వుతుంటది. బాజీ లేపి చూసి, "అరే బేటీ, ఇది బ్యాటరీనా, గ్యాసు బండనా? నాది మూడో అంతస్తు."

"పైకి మోయనక్కర లేదు బాజీ. కింద పార్కింగులో మామూలు ప్లగ్గు ఉంటే చాలు, రాత్రి పెడితే పొద్దునకు నిండుతది. మీ ఇంటి ఓనరుతోని మాట్లాడాలంటే నేనే వస్త."

"నువ్వు వస్తే మా ఓనరు కరెంటు బిల్లు కూడా మాఫ్ చేస్తడేమో" అని నవ్వింది. వెనుక ఉన్నోళ్లు కూడా నవ్విన్రు.

ఇదే అదును అనుకొని క్యాలిక్యులేటర్ తీసిన. "బాజీ, జర మీరొక్కరు లోపలికి రండి. మీకొక లెక్క చెప్త."

"లోపలెందుకు? ఇక్కడనే చెప్పు. నీ కామెంట్లన్నీ మా అందరికీ ఆటోలో చదివి వినిపిచ్చిన. ఒకరికి మ్యాటు, ఒకరికి గార్డు, ఒకరికి నిమ్మకాయలు. మేము ఒక్క షిఫ్టు. ఒకామె బండికి గార్డు, పక్కామె బండికి లేకపోతే రేపు మా నడుమ కొట్లాట. అందరికీ ఒక్కటే చెప్పు. ఇస్తవా, ఆటో ఎక్కుమంటవా?"

ఒక అంకె కొట్టి క్యాలిక్యులేటర్ ఆమె దిక్కు తిప్పిన, అలవాటు. ఆమె దాన్ని తీసుకొని తల మీదికెత్తి అందరికీ చూపిచ్చింది. మా ఇంట్ల ఇంతకుముందు ఎన్నడూ జరగని అవమానం అది. నాకు నవ్వు ఆగలేదు.

అన్న దిక్కు చూసిన. ఆయన కండ్లతోనే 'నీ ఇష్టం' అన్నడు. అక్కడనే నిలబడి ఫోన్ల కొత్త పోస్టు కొట్టి, పేజీలో అన్నిటికంటే పైన పెట్టిన: "ఇప్పటిదాకా ఎవరికి ఏమిచ్చినా, ఇగ అవన్నీ అందరికీ. ముందు బుక్ చేసినోళ్లకు కూడా. బేరం ఇంక లేదు, అడిగి పరేషాన్ కావద్దు."

బాజీ చదివింది. "నిమ్మకాయలు రాయలే."

"నిమ్మకాయలతో సహా" అని కలిపిన.

పదకొండు మంది వరుసగా కూసున్నరు. అన్న కాయితాలు చూస్తుంటే వదిన వచ్చి సిస్టంలో పేర్లు కొట్టింది. ఆరు కాకముందే ఇరవై దాటినం. బయట ఇడ్లీ తింటున్నోళ్లు ఆ పోస్టు చూసి ముగ్గురు లోపలికొచ్చిన్రు. మేనేజర్ ఫోన్ చేసి, "పద్ధతి మాత్రం ఎవరికీ చెప్పకండమ్మా, బండ్లు బయల్దేరాయి" అన్నడు. అన్న లేచి షోరూంలో ఆ డిస్‌ప్లే బండి చుట్టూ ఒక చుట్టు ఉరికిండు. టైర్ల దుకాణంలో ఉన్నన్నాళ్లూ అన్న అట్ల ఉరుకుడు నేను చూడలేదు.

ఇగ లెక్క. ఇరవై మూడు బుకింగులు, ఇద్దరు వాపసు తీసుకున్నరు, ఇరవై ఒక్క బండి పోయింది. బండికి అయిదు వేల అయిదు వందల కమిషన్, మొత్తం లక్షా పదిహేను వేల అయిదు వందలు. గార్డు, రెయిన్‌కోటు, సీట్ కవరు, ఫోన్ హోల్డరు, మ్యాటు, కొబ్బరికాయ, దండ, నిమ్మకాయలు కలిపి బండికి మూడు వేల అయిదు వందల యాభై. అన్నిటికీ డెబ్బై నాలుగు వేల అయిదు వందల యాభై. టెంటు, ఇడ్లీ తొమ్మిది వేలు. షోరూం కిరాయి ఇరవై రెండు వేలు. బూస్టులకు ఆరు వేలు, అందులో సగం దుబాయాయనకు, లక్నో ఆమెకు చూపించనీకే పోయింది. అన్నీ పోంగ మిగిలింది మూడు వేల తొమ్మిది వందల యాభై. వదినకు చీర మూడు వేల ఎనిమిది వందలు, అది నా రేంజి పోస్టుకు జుర్మానా. చేతిల నికరంగా నూట యాభై.