పంతొమ్మిదో నెల లేదు

పెద్దపల్లిలో స్కాన్ చేసిన కాగితాల తారీఖులు సరిచూసే పని నాది. గల్ఫ్‌లో చేయి విరిగి తిరిగొచ్చిన ఒకన్న సాయం దరఖాస్తు గడువు దాటిందని ఆగింది. గడువు చేయి విరిగిన రోజు నుంచే లెక్క; అక్కడి దవాఖాన కాగితంలో ఆ రోజుకు రాసిన 05/04ను మా కంప్యూటర్ ఏప్రిల్ ఐదని చదివింది మరి.

"మే నెలల విరిగింది తమ్మీ! నా బతుకు ఆగమైంది."

"ఆగమైంది బతుకు కాదన్నా, నెల. జర కూసో."

నోటిమాట మీద తారీఖు మార్చలేం. అదే కాగితంలో కట్టు విప్పిన తారీఖు చూస్తే 06/19 ఉంది. పంతొమ్మిదో నెల ఎక్కడా లేదు గనుక ఆ దవాఖాన నెలే ముందు రాస్తది. సంవత్సరం, నెల, రోజు వరుసలో మే నాలుగని ఎక్కించిన. దరఖాస్తు గడువులోనే పడ్డది.

అన్న కండ్లు తుడుచుకుండు.

"ఏ చేత్తోని తుడుస్తున్నవన్నా?" అని అడిగిన.

విరిగి అతుక్కున్న చేత్తోనే.