ఇద్దరం పడిన ఫొటో

నా భార్యకు తన ఫొటో ఒక్కటీ నచ్చేది కాదు. పెళ్లి ఫొటోలన్నిట్లోనూ కళ్లు మూసుకుంది. "నన్ను చూడలేక మూసినవా?" అని ఏడిపించేవాణ్ణి. కెమెరా పట్టుకుని ఎవరైనా ఎదురుగా నిలబడితే చాలు, ఆమె భుజాలు చెవుల దాకా లేచేవి. ఏడో తరగతితో బడికి దండం పెట్టి వరంగల్‌లో ఫొటో స్టూడియోలో చేరిన నాకు అంతకంటే అవమానం ఏముంటుంది?

ఆమెకు గుండె జబ్బు. ఆపరేషన్‌కు రమ్మని తేదీ చెప్పారు.

"దవాఖానకు పోకముందే ఒక్క ఫొటోనన్న మంచిగ దింపు బావా. ఎదురుంగ ఎవలు నిలవడొద్దు" అంది.

అంటే మమ్మల్ని మేమే తీసుకోవాలి. ఓనర్‌ని బతిమాలి కెమెరా ఇంటికి తెచ్చాను. దానికున్నది, ఇరుకు ఇళ్లలో పెళ్లి గుంపుల్ని ఇరికించే వెడల్పు లెన్స్. ఇద్దరమూ పడతాం కదా అని చెయ్యి చాచి, కెమెరా మా వైపు తిప్పి నొక్కాను.

స్టూడియోలో కడిగి తెచ్చిన ఫొటో చూసి ఆమె అంది: "గిది ముక్కా, గుత్తొంకాయా?"

"నా చెవులెటు పోయినయో దేవులాడు ముందుగాల."

నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నేను పోతే గిదేనా నాది మిగిలేది?"

తప్పు ఆమె ముఖానిది కాదు, చెయ్యంత దూరానిది. అంత దగ్గర పెడితే ముందున్న ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. వెడల్పు లెన్స్ అంచుల్లోనైతే చెంపలు కూడా సాగుతాయి. ఈసారి మామూలు లెన్స్ బిగించి, ఆరడుగుల దూరంలో స్టూలు మీద బియ్యం డబ్బా, దాని మీద కెమెరా పెట్టాను. చాప మీద కూర్చుంటే అది మా కళ్లకు కాస్త పైన ఉంది. పక్క కిటికీకి తెల్ల పంచె కట్టి ఎండను మెత్తబరిచాను. ముఖం కొంచెం వెలుతురు వైపు తిప్పమన్నాను. టైమర్ తిప్పి పరుగెత్తుకొచ్చి పక్కన కూలబడ్డాను. పది సెకన్లు.

ఆమె ఊపిరి బిగబట్టింది.

"పరీక్షకు కూసున్నవా పిల్లా? గాలి ఇడువు."

ఫక్కున నవ్వింది. భుజాలు దిగాయి. తల నా భుజం మీదికి వాలింది. అప్పుడు పడింది.

ప్రింట్ చేతికిస్తే చాలాసేపు చూసింది. "గీమె మంచిగున్నది బావా. ఎవలో?"

ఆపరేషన్‌కు వెళ్లిన మనిషి ఇంటికి రాలేదు.

పదకొండో దినానికి దండ వేసే ఫొటో కావాలన్నారు. "బతికున్నోని మొకం అండ్ల ఉండొద్దు బిడ్డా, నిన్ను తీసెయ్యి" అంది అత్త, ఆమె తల్లి. స్టూడియో చీకటి గదిలో నా ముఖం పడే చోట అట్టముక్క అడ్డం పట్టి ప్రింట్ చేశాను. అక్కడ కాగితం తెల్లగా మిగిలింది. భుజాన్ని మాత్రం దాచలేకపోయాను. దాస్తే ఆమె చెంప పోతోంది.

గోడకు పెట్టాక అత్త చూసింది. "మెడ వంకరున్నది గద, సక్కగ చెయ్యరాదా?"

"నా మీదికే వంచింది అత్తా. ఎట్ల సక్కగ జెయ్యాలె?"

అత్త దండను పక్కకు జరిపి, ఆ తెల్లటి జాగా కనపడకుండా సర్దింది.