భూతద్దం అక్క, నాలుగు ఫొటోలు

ఆ సబ్బుల కంపెనీ ఆఫీసులో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల విభాగం ఒక్కటే. మిగతా అందరికీ ఆమె భూతద్దం అక్క. నిజానికి ఆమె దగ్గర భూతద్దం లేదు. ఉన్నదల్లా ఒక పెద్ద కంప్యూటర్ తెర, మెడకు వేలాడే కళ్లజోడు, దేన్నయినా తొందరపడకుండా చూసే ఓపిక. నేల తుడిచే మందు సీసాలు, బట్టల పౌడర్ ప్యాకెట్లు, గిన్నెలు తోమే లిక్విడ్ డబ్బాలు అసలువో డూప్లికేటువో ఫొటోలు చూసి చెప్పడం ఆమె ఉద్యోగం.

అంతకు ముందు ఆమె లేబుళ్లు అచ్చువేసే ప్రెస్సులో పనిచేసింది. మెషిన్ నుంచి వచ్చే కాగితాల్లో రంగు పక్కకు జరిగినవి ఏరి పారెయ్యాలి. ఎరుపు వెంట్రుకవాసి జరిగినా తెల్ల అక్షరానికి ఒక పక్క సన్నని నీడ తేలుతుంది. ఆ నీడల వెంట ఏళ్లు గడిచిపోయాయి. ప్రెస్సు మూతపడ్డాక సబ్బుల కంపెనీవాళ్లు పిలిచి ఈ కుర్చీ ఇచ్చారు.

చూపు పదునుగా ఉండటం వేరు, ఫొటోలో చూడటం వేరు అని ఆమె ఇక్కడికి వచ్చాకే తెలుసుకుంది. ఫొటో మసకగా ఉంటే అచ్చు మసకదా, తీసినవాడి చెయ్యి కదిలిందా? చెయ్యి కదిలితే పక్కనున్న బార్‌కోడ్ గీతలూ, సీసా అంచూ, వెనకాల గోడా అన్నీ కలిసి మసకబారతాయి. తక్కినవన్నీ చురుగ్గా ఉండి, వాడే విధానం చెప్పే చిన్న అక్షరాలు మాత్రం నూగు పట్టినట్టు కనబడితే అనుమానించాలి. అసలు లేబుల్ మీద ఆ అక్షరాలు ఒకే రంగు ఇంకుతో నిండుగా పడతాయి. ఆ లేబుల్‌ను స్కాన్ చేసి మళ్లీ అచ్చువేస్తే రంగురంగుల చుక్కలు కలిసి అక్షరం అవుతుంది, అంచు చెదురుతుంది. ఫోన్లో ఒకరి నుంచి ఒకరికి తిరిగొచ్చిన ఫొటో అయితే ఆమె అసలు చూసేదే కాదు. ప్రతి మజిలీలోనూ కాస్త పలచబడిన ఫొటో పచ్చి నీళ్లు కలిపిన మజ్జిగ లాంటిదని, తీసిన ఫోన్ నుంచే నేరుగా పంపమని అడిగేది.

ఇంట్లో ఆమె భర్త, బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి, ఈ ఉద్యోగం మీద జోకులు వెయ్యకుండా అన్నం ముట్టేవాడు కాదు.

"ఫొటోలు చూసి అసలూ నకిలీ తేల్చేదానివి, పెళ్లికి ముందు నా ఫొటో చూశావుగా. అప్పుడేం కనబడలేదా?"

"అందులో మీ బ్యాచ్ నంబరు పడలేదండీ. లేకపోతే వెనక్కి పంపేదాన్ని," అనేది ఆమె, కూర వడ్డిస్తూ.

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు ఒక ఫిర్యాదు వచ్చింది. మేడమెట్ల కింద చిన్న దుకాణం, నడిపేది ఒక పెద్దావిడ. వీధి మొత్తానికీ పిన్ని. ఆమె దగ్గర కొన్న నేల తుడిచే మందుకు వాసనే లేదని, తుడిచిన నేల జిగటగా ఉందని ఒక వినియోగదారు ఫోన్ చేసింది. కంపెనీ సేల్స్ కుర్రాణ్ణి పంపి, దుకాణంలోని సీసాల్లో నాలుగింటికి ఫొటోలు తియ్యమంది. అతను తీసి పంపాడు.

అక్క తన అలవాటు ప్రకారం ముందు అచ్చు చూసింది. చిన్న అక్షరాలకు నూగు ఉంది, బార్‌కోడ్ మాత్రం చురుగ్గా ఉంది. తర్వాత మూత. అసలు మూత అడుగున ఒక రింగు ఉంటుంది, సన్నని పోగులతో మూతకు అతికి. మొదటిసారి తిప్పగానే ఆ పోగులు తెగి రింగు సీసా మెడ మీదే ఉండిపోతుంది. ఫొటోల్లో పోగులన్నీ తెగే ఉన్నాయి. ఆఖరున బ్యాచ్ నంబరు. ఆ నంబరును లేబుల్‌తో పాటు అచ్చువెయ్యరు. సీసా నిండి, మూత పడి, బెల్టు మీద సాగిపోతుంటే మెషిన్ ఒకటి ఇంకును చుక్కలుగా చిమ్మి లేబుల్ మీది ఖాళీ గడిలో రాస్తుంది. సీసా కదులుతూ ఉంటుంది కనుక ఒకదాని మీద కాస్త పైకి, ఒకదాని మీద కాస్త పక్కకి పడుతుంది. ఏ రెండూ అచ్చంగా ఒక్కచోట పడవు. ఈ నాలుగు ఫొటోల్లోనూ నంబరు గడిలో సరిగ్గా ఒకే చోట ఉంది. చుక్కలు లేవు, నున్నటి గీతలు. ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే ఆ నంబరు పెద్ద సీసాలదని, ఈ సైజుది కాదని చెప్పారు.

ఇంకేం కావాలి? నాలుగూ నకిలీ అని రాసేసింది. ఆ దుకాణానికి కంపెనీ సరుకు ఆగిపోయింది.

వారం తిరక్కుండా పిన్ని ఫోన్ చేసింది. అరవలేదు, ఏడవలేదు. తన దుకాణానికి సరుకు ఆపారని తెలిసి తక్కిన కంపెనీలవాళ్లు కూడా నసుగుతున్నారని, ఎదురింటివాళ్లు పిల్లల సబ్బు కూడా పక్క వీధిలో కొనుక్కుంటున్నారని నెమ్మదిగా చెప్పింది. అక్క కూడా నెమ్మదిగానే నంబరు సంగతి వివరించింది.

"నాకు నంబర్లు తెలీవమ్మా. ఇన్నేళ్లుగా ఇదే చోట కూచుని అమ్ముతున్నాను. ఒక్కసారి వచ్చి నా అల్మారా చూసి, అప్పుడు చెప్పు, నేను మోసగత్తెనని."

ఆ మాట కఠినంగా లేదు. అందుకే అక్క చెవిలో ఉండిపోయింది. అయినా తను చూసింది తప్పు కాదు కదా అని సర్దిచెప్పుకుంది. మనసుకు సర్దిచెప్పుకోవడం మొదలుపెట్టామంటే ఎక్కడో ఏదో సర్దలేదన్నమాట, ఆ సంగతి మనిషికి వెంటనే తట్టదు.

మేనేజరు ఈ కేసును చూసి ముచ్చటపడ్డాడు. కొత్తగా చేరినవాళ్లకు చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని, నాలుగు ఫొటోలూ పక్కపక్కన పెట్టి ఒక్క పేజీ చేసిమ్మని అక్కను అడిగాడు. ఇప్పటిదాకా ఆమె ఒక్కో ఫొటోలో నంబరు దగ్గరికే పోయి, దాన్నే పెద్దది చేసి చూసింది. ఇప్పుడు పేజీలో పట్టాలి కనుక సీసాలను పూర్తిగా, చిన్నవి చేసి పెట్టింది. అప్పుడు కనబడ్డాయి సీసాలు.

నాలుగింటికీ భుజం దగ్గర ఒకే సొట్ట. నాలుగింటికీ లేబుల్ కుడి మూల ఒకేలా లేచి ఉంది. లోపలి మందు నాలుగింటిలోనూ మెడకు బెత్తెడు కిందికి దిగి ఉంది. అమ్మకానికి పెట్టిన సీసాలో మందు అంత తగ్గి ఎందుకుంటుంది?

అక్కకు తల కొట్టేసినట్టయింది. నంబరు ఒకే చోట ఎందుకు ఉండదు? ఉన్నదే ఒక సీసా అయితే.

సేల్స్ కుర్రాణ్ణి పిలిచి అడిగింది. ఆ రోజు వాన కురుస్తోందట, దుకాణం నిండా జనం, సీసాలేమో పై అరలో ఉన్నాయి. ఫిర్యాదు చేసినావిడ వెనక్కి ఇచ్చిపోయిన సీసా బల్ల మీదే కనబడింది. దాన్నే ఒకసారి బల్ల మీద, ఒకసారి గట్టు మీద, ఒకసారి అటు తిప్పి, ఒకసారి ఇటు తిప్పి తీశాడు.

"అన్నీ ఒకటే కంపెనీవి కదక్కా, ఏది తీస్తే ఏముందిలే అనుకున్నాను."

"నువ్వు అనుకున్నావు సరే. నేను అది కూడా అనుకోలేదురా, చూసి రాశాను," అంది అక్క. అతన్ని తిట్టబుద్ధి కాలేదు.

ఫొటోలు చూసేవాళ్లు దుకాణాలకు వెళ్లే పద్ధతి లేదు. అయినా మేనేజరుకు చెప్పి, కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లింది. పిన్ని బక్కపలచని మనిషి. బల్ల వెనక ఎత్తుపీట మీద కూర్చుని ఉంది. ఎవరో తెలిశాక లేచి పక్కకు జరిగింది. కుర్రాడు నిచ్చెనెక్కి పై అరలోని సీసాలన్నీ దించాడు. అక్క వాటిని బల్ల మీద ఒకే వరసలో నిలబెట్టి, నంబర్లన్నీ ఒక్క ఫొటోలో పడేలా తీసింది. చుక్కల నంబర్లు ఒకటి గడి పైఅంచు తాకుతూ, ఒకటి పక్కకు ఒరిగి, ఇంకొకటి దాదాపు గడి దాటి, బడి నుంచి వచ్చే పిల్లల వరసలా ఉన్నాయి. ఒక మూత తిప్పితే పోగులు చిటచిట తెగి రింగు మెడ మీద నిలిచింది. లోపల రేకు పొర అంచు చుట్టూ గట్టిగా అతుక్కుని ఉంది, గోరు పెడితే చిరిగిందే తప్ప ఊడలేదు. వేరే అనుమానం అక్కర్లేదు. అన్నీ అసలువే.

ఇంక మిగిలింది ఆ ఒక్క సీసా. అక్క అడగక తప్పలేదు.

"పిన్నిగారూ, ఆవిడ తెచ్చిచ్చిన సీసా మీరు అమ్మిందేనా?"

కాదంటే అయిపోయేది. ఆవిడ ఎక్కడో కొనుక్కుని ఇక్కడ అంటగట్టిందంటే ఎవరూ నిరూపించలేరు. అక్కకు ఆ సంగతి తెలుసు, పిన్నికీ తెలుసు. పిన్ని చీర కొంగుతో బల్ల మీది తడి తుడిచింది.

"నేనమ్మిందే. ఆ వారం మీ బండి రాలేదు. వ్యాన్లో ఒకడు వచ్చి, కంపెనీ మనిషినేనని చెప్పి ఓ అరడజను ఇచ్చిపోయాడు. అడిగినవాళ్లను ఒట్టి చేతుల్తో పంపలేక తీసుకున్నాను. తక్కినవి అమ్ముడైపోయాయి. రాసుకో."

"రాస్తే ఏమవుతుందో నేను చెప్పలేనండీ."

"నేనడగలేదుగా."

అక్క ఉన్నది ఉన్నట్టు రాసింది. అల్మారా సరుకు అసలుదని, వ్యాన్లో వచ్చినవి నకిలీవని, ఆ వ్యాను ఎలా ఉందో పిన్ని చెప్పిందని. అది కాక, తన పాత నివేదిక మీద, నాలుగు ఫొటోలూ ఒకే సీసావని తాను గమనించలేదని కూడా రాసింది. మేనేజరు ఆ వాక్యం అక్కర్లేదన్నాడు, కుర్రాడి తప్పుగా పోనిద్దామన్నాడు. అతను తప్పుగా తీశాడు, తప్పుగా చూసింది నేను, రెండూ ఉండనివ్వండి అంది. ఆ వాక్యం ఉంది కనుకే పైవాళ్లు సరుకు ఆపిన నిర్ణయాన్ని మళ్లీ తెరిచి చూశారు. బయటివాళ్ల దగ్గర కొనొద్దని పిన్నికి ఒక హెచ్చరిక రాసి, సరుకు పంపమన్నారు. వ్యాను సంగతి వేరేవాళ్లకు అప్పగించారు.

ఆ కబురు కుర్రాడితో పంపొచ్చు. అక్క తనే ఫోన్ చేసింది. రేపటి నుంచి బండి వస్తుందని, మొదట తను చూసిన తీరు తప్పని చెప్పింది. పిన్ని అంతా వింటూనే ఎవరికో చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

"సరే. రేపు బండి ఏ వేళకొస్తుంది? పై అర తుడిపించుకోవాలి."

పొద్దున్నే వస్తుందని అక్క చెప్పింది.

"ఎదురింటావిడను కూడా పిలుస్తాను, మూత ఆమెచేతే తిప్పిస్తాను. నంబరెక్కడుంటుందన్నావు? మళ్లీ చెప్పు, మెల్లగా."

అక్క కుర్చీ దగ్గరకు లాక్కుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.