మూడు దగ్గరి మోచేయి

మాదాపూర్‌లో మా ఆఫీసు. ఒక ఆన్‌లైన్ కిరాణా కంపెనీ కస్టమర్లను, వాళ్లు సరుకులు కొనే తీరును బట్టి, గుంపులు చేసి, ఎన్ని గుంపులో, ఆ సంఖ్య ఎలా తేల్చామో రిపోర్టులో రాయడం నా పని. డేటా మూడు అంది. గుంపులు పెంచేకొద్దీ ఒక్కో గుంపు లోపలి తేడాలు ఎంత తగ్గుతాయో చూపే గీత, మూడు దగ్గర మోచేయిలా వంగింది; ఆపైన ఎన్ని గుంపులు చేసినా తేడాలు పెద్దగా తగ్గలేదు. ఒక్కో కస్టమర్ పక్క గుంపు కంటే సొంత గుంపుకు ఎంత దగ్గరో కొలిచే స్కోరు కూడా మూడుకే ఎక్కువ. కస్టమర్లలో కొందరినే మార్చి మార్చి తీసుకుని మళ్లీ చేసినా మూడు గుంపులు చెక్కుచెదరలేదు. ఐదు చేస్తే మాత్రం రెండు గుంపుల జనం ప్రతిసారీ కలగాపులగమయ్యారు.

ఇదంతా రాసి పంపితే మేనేజర్ నా సీటు దగ్గరికొచ్చాడు.

"గిట్లైతే ఎట్ల? క్లయింట్ గుంపుకొకటని ఐదు ఆఫర్లు రెడీ చేసుకున్నడు. జర ఐదు చెయ్."

"గీత మూడు దగ్గర వంగింది కదన్నా."

ఆయన నా మౌస్ లాక్కుని, గీతలో మూడుకు ముందున్న ముక్క కత్తిరించాడు. మిగిలిన ముక్క స్క్రీన్ నిండా సాగి, ఐదు దగ్గర వంగినట్టు కనిపించింది.

"ఇగో, మోచేయి! రాసెయ్."

ఒళ్లు మండిపోయింది. కీబోర్డు విరిగేలా కొట్టి రాశాను: 'ఐదు ఆఫర్లు ముందే సిద్ధమయ్యాయి కాబట్టి ఐదు గుంపులు చేశాం. పరీక్షల్లో ఐదు నిలబడలేదు.'

ఆయన చదివాడు. "ఇది తీసెయ్."

"ఇందులో తప్పేముందన్నా?"

"తప్పేం లేదు. అందుకే తీసెయ్యమంటున్న."