వానపూట బండి రేటు

బోధన్‌లో రొట్టెల అఖిల అంటే ఇప్పుడు చాలామందికి తెలుసు. మూడేళ్ల క్రితం ఆమె బట్టల షాపులో బిల్లులు కొట్టేది. ఆమె బాపు చెరకు ట్రాక్టర్ నడిపేవాడు. జొన్నరొట్టె చేయడం పక్కింటి హన్మవ్వ దగ్గర నేర్చుకుంది. అరచేతుల మధ్య పిండిముద్దను తిప్పుతూ పలచగా తట్టి, పొయ్యి మీద కాలే పెంక మీద వేస్తే పొంగి బంతిలా లేవాలి. అది చేతికొచ్చాక అఖిల షాపు మానేసి, హన్మవ్వను, అదే వీధిలో ఉండే ఖుష్బూను కలుపుకుని పెళ్లిళ్లలో వేడివేడిగా రొట్టెలు చేసే పని పట్టింది.

పని బాగానే కుదిరింది. ప్రయాణాలే కుదరలేదు. ఒకసారి నిజామాబాద్‌లో ఫంక్షన్ అయ్యాక అందరూ ఒకేసారి ఇళ్లకు పోయే వేళలో అఖిల ఫోన్లో బండి బుక్ చేసింది. రేటు చూడలేదు, నొక్కేసింది. దిగేటప్పుడు చూస్తే మామూలు రేటుకు రెండింతలు దాటింది. ఆ రోజు కూలీలో పెద్ద ముక్క బండికే పోయింది. హన్మవ్వ తన వంతు తీసి చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండునని అఖిలకు అనిపించింది.

అప్పటినుంచి ఏ ఊరికి ఒప్పుకున్నా, ముందురోజే ఫోన్లో ఆ దారి రేటు చూసి పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. మామూలు రేటు తెలిస్తేనే కదా, ఎప్పుడు పెరిగిందో తెలిసేది.

ఈ ఆషాఢానికి ముందు మంచి ముహూర్తం రోజున ఆర్మూర్ రోడ్డులో మాణిక్‌భండార్ దాటాక ఒక ఫంక్షన్‌హాల్లో రిసెప్షన్. పెళ్లికూతురి మేనమామ ఆత్మారాం, మోర్తాడ్‌లో పసుపు రైతు. నాలుగొందల మందికి రొట్టెలు చెప్పాడు. అంత పెద్ద పని వాళ్లకు అదే మొదలు. బోధన్ బస్సు దిగి నిజామాబాద్ బస్టాండులో కాలుపెట్టేసరికి వాన దంచికొడుతోంది. ముగ్గురి దగ్గర పిండి సంచి, చెక్కపీటలు, మూడు పెద్ద ఇనుప పెంకలు ఉన్నాయి.

అఖిల ఫోన్ తీసింది. నిన్న నూటనలభై చూపించిన ఆటోకు ఇప్పుడు రెండొందల తొంభై.

హన్మవ్వ తొంగిచూసింది. "ఒత్తు బిడ్డా, ఒత్తు. ఆలస్యమైతే మన పేరు పోతది. పైసలు మళ్ల సంపాయిస్తం."

"ఆగు అవ్వా. వాన పడ్తుంది, పెండ్లిళ్లున్నయి. బండ్లు అడిగేటోళ్లు ఎక్కువైండ్రు, బండ్లు తక్కువైనయి. అందుకే రేటు పెంచింది. మళ్ల తగ్గుతది."

"ఎప్పుడు తగ్గుతది?"

తగ్గవచ్చు, ఇంకా పెరగనూవచ్చు. అఖిల ఇంకో యాప్ తెరిచింది. అందులో రెండొందల ముప్పై ఉంది. నొక్కి చూసింది. బండి వెతుకుతూ గుండ్రంగా తిరుగుతూనే ఉంది, ఒక్క డ్రైవరూ ఒప్పుకోలేదు. తక్కువ చూపించి రాని బండి కంటే ఎక్కువ చూపించి వచ్చేదే నయం. బైక్ టాక్సీ చవకే, కానీ ముగ్గురు మనుషులూ ఇనుప పెంకలూ దాని మీద ఎక్కేది లేదు.

"అక్కా, గదిగో ఆర్మూర్ పల్లెవెలుగు," అంది ఖుష్బూ. "మాణిక్‌భండార్ల ఆగుతది. ఆధార్ సూపిస్తే ఆడోళ్లకు సున్నా టికెట్."

ముగ్గురూ సామాను ఈడ్చుకుంటూ పరిగెత్తారు. బస్సు మెట్ల దాకా జనం. కండక్టర్ పెంకల వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "అమ్మా, మీరు ఎక్కుండ్రి. సంచి పట్టుకోండ్రి. గా ఇనుప సామాను పెట్టనీకె నిలబడే జాగ లేదు."

అఖిల అక్కడికక్కడే తేల్చుకుంది. "అవ్వా, నువ్వు, ఖుష్బూ పిండి, పీటలు పట్టుకుని పోండి. పిండి తడవొద్దు. పోంగనే నీళ్లు కాగపెట్టుండ్రి. పెంకలు నేను తెస్త."

"ఒక్కదానివే?"

"నీ వెనకనే వస్త."

బస్సు కదిలింది. అఖిల పెంకలను గోడకు ఆనించి బస్టాండు బయట వరసలో ఉన్న ఆటోల దగ్గరకు వెళ్లింది. మొదటి ఆటో డ్రైవర్ గులాం, గడ్డం నెరిసిన మనిషి. మాణిక్‌భండార్ అనగానే మూడొందల యాభై అన్నాడు.

"మూడొందల యాభై ఎందుకు భాయ్?"

"బారిష్ ఉంది చెల్లె. వాపస్ ఖాళీ రావాలె."

అఖిల ఫోన్ మళ్లీ చూసింది. వాన కొంచెం సన్నబడింది. రేటు రెండొందల నలభైకి దిగింది. బండి రావడానికి మాత్రం పన్నెండు నిమిషాలంటోంది. గులాం ఆటో కళ్లముందే ఉంది. ఆమె స్క్రీన్ అతని వైపు తిప్పింది.

"చూడు భాయ్. యాప్‌ల గింత. గది వచ్చేదాకా నేను నిలబడాలె. నీ బండి ఇప్పుడే ఉంది. వాన కూడా ఉంది, మామూలు రేటే తీసుకో అనను. రెండొందలు నగదు ఇస్త. యాప్‌కు కట్టేది ఏం లేదు, మొత్తం నీదే. పోతవా?"

గులాం ఫోన్ చూశాడు, పెంకల వైపు చూశాడు. "గా సామాను ఏంది?"

"రొట్టెల పెంకలు. నాలుగొందల మందికి చెయ్యాలె."

"నాలుగొందలా!" అతను నవ్వి దిగి, ఒక పెంక తనే ఎత్తాడు. "రెండొందల ఇరవై ఇయ్యి. నేను లోపటి దాకా తెచ్చిపెడ్త."

అఖిల మనసులో మూడూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. యాప్ అయితే కాస్త ఎక్కువ, పైగా ఎదురుచూపు. తర్వాతి బస్సు అయితే ఖర్చు లేదు, కానీ ఎప్పుడొస్తుందో, ఇనుమును ఎక్కనిస్తుందో లేదో తెలియదు. ఇదైతే ఇప్పుడే కదులుతుంది. ఎక్కి కూర్చుంది.

కంఠేశ్వర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆర్మూర్ బస్సు వాళ్ల ముందే నత్తలా కదులుతోంది. కిటికీలోంచి ఖుష్బూ చెయ్యి ఊపింది. వానలో అందరిదీ అదే రోడ్డు. రెండొందల తొంభై పెట్టినా ఇంతకంటే ముందు చేరేది కాదని అఖిలకు అప్పుడు అర్థమైంది. తడిసిన కొంగు పిండుకుంటూ నవ్వుకుంది.

హాలు గేటు దగ్గర ఆత్మారాం గొడుగుతో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆటోలోంచి పెంకలు దిగడం చూసి ఊపిరి పీల్చుకున్నాడు. కాసేపటికే పిండి సంచిని కొంగుతో కప్పి కడుపుకు హత్తుకుని హన్మవ్వ, వెనకే ఖుష్బూ నడిచివచ్చారు. సంచి మీద ఒక్క చుక్క పడలేదు.

ఆ సాయంత్రం రొట్టెల బల్ల దగ్గరే పెద్ద గుంపు. మొదటి రొట్టె పెంక మీద పొంగగానే పెళ్లికొడుకు తరపు పిల్లలు చప్పట్లు కొట్టారు. బిర్యానీ పళ్లాలు పక్కన పెట్టి మరీ వచ్చి నిలబడ్డారు జనం. హన్మవ్వ చేతులు, ఖుష్బూ చేతులు, అఖిల చేతులు ఒక్క తాళంలో పడ్డాయి.

అంతా అయ్యాక ఆత్మారాం అడిగాడు. "గింత వానల ఎట్లొచ్చిండ్రు? మా సుట్టాలు యాప్‌ల బండికి మస్తు పెట్టిండ్రు."

"ఇద్దరు బస్సుల, నేను ఆటోల వచ్చిన."

"అట్లనా! శ్రావణంల మా తమ్ముని బిడ్డ పెండ్లి, మోర్తాడ్‌లనే. వస్తరా?"

"వస్తం. గానీ రానుపోను ఖర్చు వేరేగ మాట్లాడుకుందం. బస్సులుండే టైముకు పిలిస్తే మీకూ తక్కువైతది."

ఆత్మారాం ఆమె వైపు గౌరవంగా చూసి తలూపాడు. వాళ్లను బోధన్ బస్సు ఎక్కించి రమ్మని తన కారు పంపాడు.

మర్నాడు బోధన్ కూరగాయల మార్కెట్‌లో హన్మవ్వ గొంతు అందరికంటే పైన వినిపించింది. "నేను ఒత్తు ఒత్తుమన్న. మా అఖిల ఒత్తలే! నిలబడి సూసింది, అడిగింది, తెగేసి మాట్లాడింది. నాలుగొందల మందికి ఒక్క రొట్టె తక్కువ పడలే!" పచ్చిమిరపకాయలు తూకమేస్తున్న మనిషి నవ్వి గుప్పెడు ఎక్కువ వేశాడు.